కాలిలో గడ్డ, గుండె కుడి వైపు బరువు, ఎక్కించని సెలైన్

ప్రశ్న: మాది విజయవాడ. మా అమ్మకు 54 ఏళ్లు. చీలమండ దగ్గర ఎముక విరిగితే సిమెంటు కట్టు వేశారు. పద్దెనిమిదో రోజు ఉదయం స్నానాల గదికి లేచి వెళ్తూ కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి చేరేసరికి పై బీపీ 94, నాడి 122, ఆక్సిజన్ 88. కాలి సిరలోని రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరిందని సీటీ స్కాన్‌లో తేలింది. గుండె కుడి వైపు పెద్దదైందని, అక్కడ ప్రెజర్ 51 ఉందని ఎకో చేసి చెప్పారు. ట్రోపోనిన్ పాజిటివ్ వచ్చినా గుండెపోటు కాదంటున్నారు. బీపీ అంత తక్కువగా ఉన్నా సెలైన్ ఎక్కించలేదు. గడ్డను కరిగించే మందు కూడా ఇవ్వలేదు. హెపారిన్ మాత్రం ఇస్తూ ఐసీయూలో ఉంచారు. బంధువులంతా ఇది నిర్లక్ష్యం అంటున్నారు. కాలిలో గడ్డ కడితే గుండె ఎందుకు దెబ్బతింటుంది? వాళ్లు చేస్తున్నది సరైనదేనా?

సమాధానం:

నేను గుంటూరులో ఇరవై ఏడేళ్లుగా జనరల్ మెడిసిన్ వైద్యుడిగా పనిచేస్తున్నాను. మీ అమ్మగారిని నేను పరీక్షించలేదు కాబట్టి ఆమె విషయంలో చివరి మాట అక్కడి వైద్యులదే. కానీ మీరు రాసిన అంకెలను బట్టి చూస్తే, సెలైన్ ఎక్కించకపోవడం నిర్లక్ష్యం కాదు, ఈ జబ్బు తెలిసినవాళ్లు తీసుకున్న నిర్ణయం. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను సరిగ్గా దీనికి విరుద్ధంగా చేశాను. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు గడ్డ వచ్చిన దారి చూద్దాం.

పిక్క కండరాల లోపల సంచుల్లాంటి వెడల్పైన సిరలు ఉంటాయి. మనం నిలబడినప్పుడు చీలమండ దగ్గర సిరల్లో పీడనం సుమారు 90 ఉంటుంది. గుండె దాకా ఉన్న రక్తపు నిలువు బరువంతా అక్కడే పడుతుంది మరి. నడవడం మొదలుపెడితే పిక్క కండరం అడుగడుగునా ఆ సంచులను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది. కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. నాలుగడుగులు వేసేసరికి ఆ 90 కాస్తా 30 లోపుకు దిగుతుంది. సిమెంటు కట్టులో ఉన్న కాలికి ఈ పంపు లేదు. రక్తం కవాటాల వెనుక ఉన్న చిన్న గూళ్లలో కదలకుండా నిలిచిపోతుంది. ఎముక విరిగినప్పుడు రక్తనాళానికి తగిలే దెబ్బ, గాయం తరువాత కొన్ని వారాలపాటు రక్తానికి ఉండే గడ్డకట్టే గుణం దీనికి తోడవుతాయి. నిలిచిపోయిన ప్రవాహం, దెబ్బతిన్న గోడ, చిక్కబడే రక్తం అనే ఈ మూడింటినీ రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ వైద్యుడి పేరుతోనే వైద్య విద్యార్థులు ఈనాటికీ చదువుకుంటారు. కాలి గడ్డ ఊపిరితిత్తికి కొట్టుకుపోతుందని 19వ శతాబ్దం మధ్యలో నిరూపించినవాడు ఆయనే.

గూటిలో పుట్టిన గడ్డ అక్కడే ఉండిపోతే పెద్ద ప్రమాదం లేదు. అది రక్తం పోయే దిశలోనే తోకలా పైకి పెరుగుతూ మోకాలి వెనుక సిరను, తొడ సిరను చేరినప్పుడే భయం. తోక చివర గోడకు అతుక్కోకుండా రక్తంలో తేలుతూ ఉంటుంది. చాలాసేపు పడుకున్న మనిషి లేచి నిలబడి నాలుగడుగులు వేయగానే సిరల్లో పీడనం మారి ఆ తోక తెగిపోతుంది. మీ అమ్మగారు స్నానాల గదికి వెళ్తూ పడిపోయారని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఈ రోగుల ఇళ్లలో నేను ఎక్కువగా విన్న మాటలు ఇవే: మంచం దిగి బాత్రూముకు వెళ్లబోయారు, పడిపోయారు. కట్టు కింద కాలు వాచినా బయటికి కనిపించదు. నొప్పి ఉన్నా ఎముకదే అనుకుంటారు. అందుకే చాలామందికి కాలి గడ్డ సంగతి ఊపిరితిత్తిలోకి చేరాకే తెలుస్తుంది.

తెగిన ముక్క ఎక్కడా ఆగదు. కాలి నుంచి పైకి వెళ్లే కొద్దీ సిరలు వెడల్పవుతాయి కదా. పొట్టలోని పెద్ద సిర గుండా గుండె కుడి కర్ణికకు, అక్కడి నుంచి కుడి జఠరికకు, దాన్ని దాటి ఊపిరితిత్తుల ధమనిలోకి చేరుతుంది. దారి సన్నబడటం మొదలయ్యే మొదటి చోటు అదే. అక్కడ ఇరుక్కుంటుంది. ఇక్కడి నుంచి ఇది కాలి జబ్బు కాదు, ఊపిరితిత్తి జబ్బు అనుకోవడం కూడా సగమే నిజం. ప్రాణం మీదికి తెచ్చేది గుండె కుడి జఠరిక అలసిపోవడం.

మీది కృష్ణా కాలువల ఊరు కాబట్టి ఇలా ఊహించుకోండి. కాలువలో గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తూముకు అడ్డం పడింది. తూముకు పైన నీరు ఉబికి గట్టును నెడుతుంది. తూముకు కింద పొలాలు ఎండుతాయి. కింద నీళ్లు లేవు కదా అని పై నుంచి ఇంకా నీళ్లు వదిలితే పొలానికి చుక్క అదనంగా రాదు, గట్టు మాత్రం తెగుతుంది. గుండెలో తూము ఊపిరితిత్తుల ధమని. గట్టు కుడి జఠరిక గోడ. ఎండుతున్న పొలం ఎడమ జఠరిక. చేతికి పట్టీ కట్టి కొలిచే బీపీ ఆ ఎడమ జఠరిక ఇచ్చేదే.

ఆ గట్టు ఎంత పలచనో తెలిస్తే మిగతా అంతా అర్థమవుతుంది. ఎడమ జఠరిక గోడ సుమారు 10 మిల్లీమీటర్ల మందం. అది జీవితాంతం 120 పీడనంతో రక్తాన్ని ఒళ్లంతా తోస్తుంది. కుడి జఠరిక గోడ 3 నుంచి 5 మిల్లీమీటర్లే. ఊపిరితిత్తుల్లోకి రక్తం తోయడానికి దానికి 20, 25 పీడనం చాలు. అంతకు మించి దానికి ఎప్పుడూ అవసరం పడలేదు కాబట్టి అలవాటూ లేదు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో మూడో వంతు దాకా మూసుకుపోయినా మిగిలినవి విచ్చుకొని సర్దుకుంటాయి. సగం వరకు మూసుకుపోతే పీడనం పెరగక తప్పదు. గడ్డలోని ప్లేట్‌లెట్లు విడుదల చేసే పదార్థాలు మంచి నాళాలను కూడా బిగిస్తాయి. అందువల్ల అడ్డంకి స్కాన్‌లో కనిపించేదానికన్నా ఎక్కువగా పనిచేస్తుంది.

ఇప్పుడు మీకు చెప్పిన 51 దగ్గరికి వద్దాం. ఎకోలో దాన్ని నేరుగా కొలవరు. కుడి జఠరిక నొక్కుకున్నప్పుడు, దానికీ కుడి కర్ణికకూ మధ్య ఉన్న కవాటం సందులోంచి వెనక్కి చిమ్మే రక్తపు వేగం కొలుస్తారు. ఆ వేగం సెకనుకు 3.2 మీటర్లు అనుకోండి. దాన్ని దానితోనే గుణించి, నాలుగుతో హెచ్చిస్తే దాదాపు 41 వస్తుంది. దానికి కర్ణికలోని పీడనం ఓ 10 కలిపితే 51. అలవాటు లేని కుడి జఠరిక ఒక్కసారిగా బరువు పడినప్పుడు ఎంత గట్టిగా తోసినా 50, 60 మధ్యకు మించి పోలేదు. అంటే మీ అమ్మగారి కుడి జఠరిక తన శక్తి చివరి అంచున పనిచేస్తోంది. ఐసీయూలో ఉంచడానికి ఈ ఒక్క అంకె చాలు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. ఆ 51 రేపు 35కు దిగిందని చెబితే సంతోషించాలా? నాడి కూడా తగ్గి, బీపీ పెరిగి, ఆయాసం తగ్గి ఉంటే సంతోషించాలి, దారి తెరుచుకుంటోందని అర్థం. నాడి పెరుగుతూ, బీపీ పడిపోతూ, చేతులు చల్లబడుతూ ఉండగా 35 వచ్చిందంటే మాత్రం జఠరిక తోయలేక చేతులెత్తేస్తోందని అర్థం. అందుకే నేను ఎకో అంకె కన్నా ముందు మనిషిని చూస్తాను.

చేతులెత్తేయడం ఎలా జరుగుతుందంటే, తోయలేని గది మొదట ఉబ్బుతుంది. గుండె చుట్టూ సాగని పొర ఉంది కాబట్టి కుడి వైపు ఉబ్బితే ఆ చోటు ఎడమ వైపు నుంచే రావాలి. రెంటి మధ్య ఉన్న గోడ ఎడమ వైపుకు వంగుతుంది. గుండ్రంగా ఉండవలసిన ఎడమ జఠరిక ఎకోలో అర్ధచంద్రంలా నొక్కుకుపోయి కనిపిస్తుంది. దానికి ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తమే తక్కువ, ఇప్పుడు నింపుకోవడానికి చోటు కూడా తక్కువ. బీపీ పడుతుంది. కుడి జఠరిక గోడకు రక్తం అందించే నాళాల్లో ప్రవాహం ఆ బీపీ మీదే ఆధారపడి ఉంటుంది. బయటి నుంచి వచ్చే పీడనం తగ్గుతోంది, గోడ లోపలి బిగువు పెరుగుతోంది. మామూలుగా గుండె నొక్కుకున్నప్పుడూ విప్పుకున్నప్పుడూ కూడా రక్తం అందే ఆ పలుచని గోడకు ఇప్పుడు పస్తు మొదలవుతుంది. పస్తున్న కండరం ఇంకా బలహీనపడుతుంది, ఇంకా ఉబ్బుతుంది, ఎడమ గదిని ఇంకా నొక్కుతుంది. ఒకసారి ఈ సుడిలో పడ్డాక గంటలు కాదు, నిమిషాలు లెక్క.

మీ అమ్మగారి ట్రోపోనిన్ పాజిటివ్ రావడం ఇందువల్లే. ట్రోపోనిన్ గుండె కండరానికి దెబ్బ తగిలిందని చెబుతుంది, ఎందుకు తగిలిందో చెప్పదు. గుండె ధమనిలో పూడిక ఏర్పడి కండరం దెబ్బతింటే గుండెపోటు. ఇక్కడ దెబ్బతిన్నది బరువు మోయలేక నలిగిన కుడి జఠరిక గోడ. స్టెంటుతో పని లేదు. వాళ్లు గుండెపోటు కాదనడం సరైనదే.

ఇక సెలైన్ సంగతి. నా వృత్తి తొలి ఏళ్లలో ఒక రాత్రి డ్యూటీలో నలభై రెండేళ్ల ఆమెను తీసుకొచ్చారు. గర్భసంచి ఆపరేషన్ అయి పదకొండు రోజులు. మంచం దిగుతూ పడిపోయారు. పై బీపీ 84, నాడి 130. ఆపరేషన్ చేసిన చోట లోపల రక్తస్రావం అవుతోందని నిశ్చయించుకొని రెండు చేతులకూ సెలైన్ పెట్టాను. మొదటి సీసా అరగంటలో అయిపోయింది. బీపీ 84 నుంచి 80కి వచ్చింది. చాలడం లేదనుకొని రెండో సీసా వేగం పెంచాను. 70కి పడింది. అప్పుడు సీనియర్ వైద్యుడు వచ్చారు. ఆయన బీపీ యంత్రం వైపు చూడలేదు. ఆమెను కొంచెం పైకి కూర్చోబెట్టి మెడ చూశారు. మెడ సిరలు దవడ దాకా తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. రక్తం పోయిన మనిషికి మెడ సిరలు చదునుగా పడిపోతాయి, ఇలా ఉబ్బవు. ఊపిరితిత్తులు విన్నారు, శుభ్రంగా ఉన్నాయి. ఎడమ పిక్క చుట్టుకొలత కుడిదానికన్నా మూడున్నర సెంటీమీటర్లు ఎక్కువ. ఆయన సెలైన్ రెండూ ఆపించి, బీపీ నిలబెట్టే మందు సన్నగా మొదలుపెట్టించి, హెపారిన్ ఇప్పించారు. తెల్లవారేసరికి బీపీ 96. ఆమె బతికారు. కానీ ఆ రెండు సీసాలతో నేను ఆమెను ఎక్కడి దాకా నెట్టానో నాకు తెలుసు. ఆ రాత్రి నుంచి బీపీ పడిపోయిన ఏ రోగి దగ్గరైనా మెడ చూడకుండా సెలైన్ గొట్టం ముట్టుకోలేదు.

వాంతులు, విరేచనాలు, రక్తస్రావం వల్ల బీపీ పడితే సెలైన్ ప్రాణం పోస్తుంది, ఎందుకంటే అక్కడ కాలువలోనే నీరు లేదు. మీ అమ్మగారికి నీరు తూము ముందు నిలిచి ఉంది. ఉబ్బిన గదిలోకి ఇంకో లీటరు పోస్తే మధ్య గోడ ఇంకా ఎడమకు వంగుతుంది. ఇది గుడ్డి నియమం కూడా కాదు. పొట్టలోని పెద్ద సిర ఎకోలో నిండుగా కాకుండా, శ్వాసతో పాటు ముడుచుకుంటూ కనిపిస్తే కొద్దిగా, మొత్తం అర లీటరు మించకుండా ఇచ్చి చూడవచ్చు. ఆ సిర నిండి ఉంటే ఇవ్వకూడదు. బీపీ ఇంకా పడితే వాడవలసింది నార్‌ఎడ్రినలిన్. అది బీపీ పెంచి, పస్తున్న కుడి జఠరిక గోడకు రక్తం అందేలా చేస్తుంది.

గడ్డ కరిగించే మందు ఎందుకు ఇవ్వలేదన్నది మీ ప్రశ్నల్లో అన్నిటికన్నా కష్టమైనది. పై బీపీ 90 కన్నా తక్కువకు పడి పావు గంటకు మించి అలాగే ఉంటే, లేదా దాన్ని నిలబెట్టడానికి మందు అవసరమైతే, కరిగించే మందు ఇవ్వాల్సిందే. ఆల్టెప్లేస్ అయితే 100 మిల్లీగ్రాములు రెండు గంటల్లో ఇస్తారు. మీ అమ్మగారి బీపీ 94. ఆమె ఆ గీతకు కాస్త ఇవతల ఉన్నారు: బీపీ నిలబడింది, కుడి జఠరిక మాత్రం నలుగుతోంది, ట్రోపోనిన్ పెరిగింది. సరిగ్గా ఇలాంటి వెయ్యి మంది రోగుల మీద యూరప్‌లో జరిగిన పీథో అనే అధ్యయనం 2014లో వెలువడింది. వారం లోపు మరణించినవాళ్లు, బీపీ కుప్పకూలినవాళ్లు కలిపి హెపారిన్ మాత్రమే ఇచ్చిన నూరు మందిలో దాదాపు 6 మంది, టెనెక్టెప్లేస్ అనే కరిగించే మందు కూడా ఇచ్చిన నూరు మందిలో 3 కన్నా తక్కువ. ఇక్కడితో ఆగితే ఇవ్వడమే మేలు అనిపిస్తుంది. కానీ పక్షవాతం హెపారిన్ వర్గంలో వెయ్యికి 2 ఉంటే, కరిగించే మందు వర్గంలో వెయ్యికి 24. వాటిలో ఎక్కువ భాగం మెదడులో రక్తస్రావం వల్ల వచ్చినవే. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే ఈ గీతకు ఇవతల ఉన్నవాళ్లకు హెపారిన్ ఇచ్చి, కళ్లలో వత్తులు వేసుకొని చూస్తూ, గీత దాటిన క్షణంలో కరిగించే మందు ఇవ్వడం ఇప్పటి పద్ధతి.

మీ అమ్మగారి విషయంలో ఇంకో మాట అడగాలి. పడినప్పుడు తలకు దెబ్బ తగిలిందా? మీరు రాయలేదు. తగిలి ఉంటే, తల వెంట్రుకల్లో చిన్న బొప్పి ఉన్నా సరే, అక్కడి వైద్యులకు ఈ రోజే చెప్పండి. మూడు వారాల లోపు తలకు దెబ్బ తగిలినవాళ్లకు కరిగించే మందు ఇవ్వడం గురించి వాళ్లు వేరే లెక్క వేసుకుంటారు. కాథెటర్‌తో గడ్డను లాగేయడం వంటి మార్గాలు కూడా ఆలోచిస్తారు.

హెపారిన్ గడ్డను కరిగించదు. అది పెరగకుండా, కొత్త గడ్డ కట్టకుండా ఆపుతుంది. కరిగించే పని మన ఒంట్లోనే ఉన్న ప్లాస్మిన్ అనే పదార్థం రోజులు, వారాల మీద చేసుకుపోతుంది. అయినా కుడి జఠరికకు ఊపిరి ఆడటానికి గడ్డ మొత్తం పోనక్కరలేదు. దారి కాస్త తెరుచుకుంటే చాలు, చాలామందిలో కొద్ది రోజుల్లోనే గది పరిమాణం తగ్గడం ఎకోలో కనిపిస్తుంది.

వచ్చే రెండు మూడు రోజులు మీరు గమనించవలసింది నాడి. 122 నుంచి 110, 100, 90 అని దిగుతూ రావాలి. బీపీ కన్నా ముందు నాడే మాట్లాడుతుంది, ఎందుకంటే ప్రతి కొట్టుకు పోయే రక్తం తగ్గితే గుండె వేగం పెంచి లోటు పూడ్చుకుంటుంది. నాడి మళ్లీ పెరగడం, మాట తడబడటం, ఒళ్లు చెమటలు పట్టి చల్లబడటం, మూత్రం తగ్గడం కనిపిస్తే నర్సును వెంటనే పిలవండి. కాలు లాగుతోందని ఎవరైనా నూనె రాసి పిక్క పిసకబోతే వద్దని చెప్పండి. మన ఇళ్లలో ప్రేమతో చేసే పని అది, కానీ గడ్డ ఉన్న పిక్కకు పనికిరాదు. అలాగని మందు మొదలై, బీపీ కుదుటపడ్డాక వైద్యులు లేపి నడిపిస్తామంటే భయపడి అడ్డుకోకండి. కట్టు కాలి మీద ఎంత బరువు వేయవచ్చో మాత్రం ఎముకల వైద్యుడిని అడగండి.

ఇంటికి వచ్చాక గడ్డ కట్టకుండా మాత్రలు కనీసం మూడు నెలలు వాడాలి. కారణం స్పష్టంగా ఎముక విరగడం, సిమెంటు కట్టు కాబట్టి చాలామందికి మూడు నెలలతో ఆపగలుగుతారు. రివరోక్సబాన్ ఇస్తే మొదటి 21 రోజులు 15 మిల్లీగ్రాములు రెండు పూటలా, ఆ తరువాత 20 ఒక పూట. తప్పనిసరిగా అన్నంతో పాటే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటికి పట్టదు. దానికి బదులు అసిట్రోమ్ అనే మాత్ర ఇస్తే, ఆకుకూరలు దాని బలాన్ని తగ్గిస్తాయి, అలాగని గోంగూర, తోటకూర పూర్తిగా మానేయనక్కరలేదు. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే, రక్త పరీక్ష చూసి మందు దానికి తగ్గట్టు సరిచేస్తారు.

ఎకో రిపోర్టులో ఇంకో అంకె వెతకండి: కుడి జఠరిక గోడ మందం. అది 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే 51 అనే పీడనం ఇప్పటి దెబ్బదే. మందం అంతకన్నా ఎక్కువ ఉన్నా, పీడనం 60 దాటినా, ఆ జఠరిక కొన్ని నెలలుగానో ఏళ్లుగానో బరువు మోస్తూ కండ పెంచుకుందని, ఇంతకు ముందే చిన్న చిన్న గడ్డలు చేరి ఉంటాయని అనుమానించాలి. ఎందుకంటే అలవాటు లేని పలుచని గోడకు ఒక్కరోజులో అంత పీడనం తేవడం సాధ్యం కాదు. కొద్దిమందిలో గడ్డ పూర్తిగా కరగక, నాళాల గోడకు అతుక్కొని మచ్చలా మిగిలి, ఊపిరితిత్తుల్లో పీడనం శాశ్వతంగా పెరిగిపోతుంది. మూడు నెలల తరువాత కూడా మెట్లెక్కుతుంటే ఆయాసం మిగిలి ఉంటే, వయసు మీద పడిందనో, బరువు పెరిగారనో సర్దిచెప్పుకోకండి. మళ్లీ ఎకో చేయించండి, అందులో పీడనం ఎక్కువగా ఉంటే ఊపిరితిత్తుల రక్త ప్రసరణ స్కాన్ అడగండి. అప్పుడు పోల్చి చూడటానికి ఈ మొదటి రోజు ఎకో కాగితం కావాలి. డిశ్చార్జి సమయంలో దాని నకలు తప్పక తీసుకొని, ఫోనులో ఒక ఫోటో కూడా ఉంచుకోండి.